యాభై బస్తాల పేరా

ఆడిట్ వాళ్లు మా లెక్కల మీద రాసిన ఓ అభ్యంతరం, మా భాషలో పేరా, సెటిల్ అయిందని నిన్న సాయంత్రం ప్రొసీడింగ్స్ చేతికొచ్చాయి. రెండు జిరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో దాచుకున్నాను. మా మున్సిపాలిటీలో కాగితం కాళ్లొచ్చి నడిచిపోతుంది మరి.

నేను అకౌంట్స్ సెక్షన్‌కి వచ్చేసరికే ఆ పేరా ఆరేళ్లది. బ్లీచింగ్ పౌడర్ 120 బస్తాలు, బస్తా 25 కిలోలు, కిలో 42 రూపాయలు, బిల్లు 1,26,000. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది 70 బస్తాలే. మిగిలిన 50 బస్తాల విలువ 52,500 రూపాయలు బాధ్యుల నుంచి రాబట్టాలని లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్లు రాశారు. నాకంటే ముందున్నాయన రెండుసార్లు పంపిన జవాబు ఒకటే: "నిబంధనల ప్రకారమే కొన్నాము, పేరా తొలగించగలరు." రెండుసార్లూ తిరిగొచ్చింది. రాదా మరి? అడిగింది సరుకేమైందని, చెప్పింది కొన్నామని!

ఆడిట్ వాళ్లూ మా ఆఫీసూ కలిసి కూర్చుని పేరాలు తేల్చే జాయింట్ సిట్టింగ్‌కి అదే ఫైలు పట్టుకుని నేనూ వెళ్లాను. ఆడిటర్ మేడం బిల్లు తిప్పి, "స్టాక్ పేజీ నంబరు ఎక్కడ వేశారు బాబూ?" అన్నారు. వెతికాను, లేదు. "సరుకు అందిందని సంతకం?" అదీ లేదు. కమిషనర్‌గారు నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. నష్టాన్ని బాధ్యుల జేబులోంచి రాబట్టే సర్‌ఛార్జి అనే మాట వినపడేసరికి, అప్పట్లో ఆ సీట్లో నేను లేకపోయినా, చెమటలు పట్టాయి.

ఆ టెన్షన్‌లో నన్ను ఆదుకున్నది నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ బెడ్ దగ్గర పనిచేసే పెద్దాయన. "ఆ రెండో లారీ స్టోరుకి రాలేదు సార్, నేరుగా ఇక్కడే దింపారు" అన్నాడు. పాత ట్రంకుపెట్టెలో డెలివరీ చలానా దొరికింది. దానిమీద 50 బస్తాలు, ఆయన వేలిముద్ర. పక్కనే క్లోరినేషన్ రిజిస్టర్. తడిసి అంటుకుపోయిన పేజీలు విడదీసి, ఏ తేదీన ఎన్ని బస్తాలు విప్పారో మూడు రోజులు కూర్చుని రాసుకున్నాను. 48కి లెక్క దొరికింది, రెండింటికి దొరకలేదు.

వాటికీ ఏదో ఒకటి ఎక్కించేయమని ఓ సలహా వచ్చింది. పాత రిజిస్టర్‌లో కొత్త ఇంకు ఇట్టే పట్టుబడుతుంది, నేను ఒప్పుకోలేదు. అప్పటి స్టోర్ ఇన్‌ఛార్జి చేత 2,100 రూపాయలు సాధారణ నిధికి కట్టించి ఆ చలానా జతచేశాను. 48 బస్తాలకు తేదీలవారీ పట్టిక, ఒరిజినల్ రిజిస్టర్లు పట్టుకెళ్లాను. మేడం అక్కడక్కడా పేజీలు తీసి నా పట్టికతో పోల్చి చూశారు, ఏమీ మాట్లాడలేదు. మూడు వారాల తర్వాత ఈ కాగితం.

జవాబు పంపితే పేరా పోయినట్టే అనుకునేవాళ్లు మా ఆఫీసులో ఇంకా ఉన్నారు. సెటిల్ అయిందని ఆడిట్ రాసిచ్చేదాకా అది పెండింగే, ఏటా రిపోర్టులో మళ్లీ కనపడుతుంది. మా దగ్గర ఇంకా 31 ఉన్నాయి. రేపు తీయబోయేది ఓ అడ్వాన్సు పేరా, తీసుకున్నాయన ఎప్పుడో రిటైరైపోయాడు.