ఉస్తెద్ అంటే "మీరు" అనుకుని బొగోటాలో దిగాను

స్పానిష్ క్లాసులో నేర్చుకున్న లెక్క సులువు: తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. ఆ లెక్కతోనే ఆఫీసు పని మీద కొలంబియా వెళ్లాను.

బొగోటాలో నేను అద్దెకున్న ఇంటి ఆవిడ మధ్యాహ్నం ఆరేళ్ల కొడుకుని పిలిచింది: "వెంగా, మీహో, కోమాసె లా సోపా." రా నాన్నా, సూప్ తిను అని. కానీ వెంగా, కోమాసె రెండూ ఉస్తెద్ రూపాలు. తూ అయితే "వెన్, కోమెతె" అనాలి. పిల్లాడి మీద కోపమొచ్చిందేమోనని ఆవిడ మొహం చూశాను. సూప్‌ని ఊదుతూ చల్లారుస్తోంది. మా గోదావరి వైపు చంటిపిల్లల్ని "రండి నాన్నా" అని ముద్దు చేయడం గుర్తొచ్చి కాస్త కుదుటపడ్డాను.

ఆఫీసులో మాత్రం తప్పు చేశాను. రోజూ నాతో కలిసి భోంచేసే కొలీగ్ రెండు నెలలైనా నన్ను ఉస్తెద్ అనే అనేవాడు. దూరం పెడుతున్నాడని బాధపడి, నేనే చనువుగా తూ మొదలుపెట్టాను. అతను మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. తర్వాత పక్క సీటావిడ విడమరిచి చెప్పింది: బొగోటాలో మగ స్నేహితులు ఉస్తెద్ అనుకోవడం మామూలే, చాలామందికి మగవాళ్ల మధ్య తూ ఎబ్బెట్టుగా ఉంటుంది, అతను ఆడ స్నేహితులను మాత్రం తూ అంటాడు. మర్నాటి నుంచి మళ్లీ ఉస్తెద్‌కి వచ్చేశాను.

తర్వాత కొలంబియాలోనే మరో నగరం మెదెజీన్‌కి మారాను. అక్కడ కొత్తగా పరిచయమైన కుర్రాడు "వోస్ దె దోందె సోస్?" అన్నాడు, నువ్వెక్కడివాడివని. క్లాసులో వోస్ అర్జెంటీనా మాట అని చెప్పి వదిలేశారు. కానీ మెదెజీన్‌లోనూ స్నేహితుల మధ్య అదే నడుస్తుంది. దుకాణంలోనో, పెద్దవాళ్లతోనో మాత్రం నేను ఉస్తెద్‌నే పట్టుకున్నాను.

చిక్కేమిటంటే స్పానిష్‌లో సర్వనామం చాలాసార్లు పలకనే పలకరు. తెలుగులో "వస్తావా" అన్నట్టు క్రియే అంతా చెబుతుంది. అందుకే క్రియ చివర వినడం అలవాటు చేసుకున్నాను. "కావాలా?" అని అడగడానికి తూతో కియెరెస్, ఉస్తెద్‌తో కియెరె, వోస్‌తో కెరేస్. వోస్ రూపంలో ఊనిక చివరి అక్షరం మీద పడుతుంది, "ఇయె" మాయమై ఉత్త "ఎ" మిగులుతుంది. చాలాకాలం "తూ సోస్" అని కలగాపులగం చేశాను. తూకి ఎరెస్, వోస్‌కి సోస్. మరో సంగతి: "నిన్ను, నీకు" అనడానికి వోస్‌కి వేరే మాట లేదు, తూ వాళ్లు వాడే "తె" యే. "నీతో" అనేటప్పుడు మాత్రం "కోన్ వోస్".

ఇప్పుడు ఎవరు పలకరించినా ముందు నేను సర్వనామం వాడను. వాళ్ల నోట మొదటి క్రియ వచ్చేదాకా ఆగుతాను. నిన్న పక్కింటాయన తలుపు తీసి "కెరేస్ తింతో?" అన్నాడు, బ్లాక్ కాఫీ తాగుతావా అని. "సీ, గ్రాసియాస్. ఇ వోస్?" అన్నాను, తాగుతాను, థాంక్స్, మరి నువ్వు అని. ఆయన రెండు కప్పులు తెచ్చాడు.