టెంక బయటికొచ్చింది, అసలు గండం ఆ తర్వాత, అదే రాత్రి

మా కుక్క చిట్టికి ఇప్పుడు బాగానే ఉంది. మూడు వారాలైంది. నిన్నే డాక్టరమ్మ చూసి ఇంక మందులు ఆపేయొచ్చు అన్నారు. ఇన్నాళ్ళూ ఎవరైనా ఏమైందని అడిగితే గొంతు పూడుకుపోయి చెప్పలేకపోయాను, ఇవాళ కూర్చుని మొత్తం రాస్తున్నా.

చిట్టి లాబ్రడార్, 4 ఏళ్ళు, 28 కిలోలు. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు, మే నెలంటే ఇంట్లో చిన్నరసాలు బుట్టల్లెక్కన ఉంటాయి. ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు, మా ఆయన ఊళ్ళో లేరు, అందరం వరండాలో కూర్చుని రసాలు తిన్నాం, టెంకలన్నీ ఒక బేసిన్లో వేశాం. నేను చేతులు కడుక్కోడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి చిట్టి గోడ పక్కన మెడ ముందుకి చాచి నిలబడి ఉంది. నోరు తెరిచి ఉంది, చొంగ కారుతోంది, ముందు కాలితో మూతి గీక్కుంటోంది. శబ్దం మాత్రం లేదు.

ఆ శబ్దం లేకపోవడం ఏంటో నాకు అప్పుడు తెలీదు. దగ్గు వస్తోందంటే గాలి ఎంతోకొంత ఆడుతోందని అర్థమట, అప్పుడు దాన్ని కదపకుండా, నోట్లో చెయ్యి పెట్టకుండా దగ్గనిచ్చి డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. పొట్ట ఎగిరెగిరి పడుతున్నా చప్పుడు లేదంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టు, ఇంక ఆసుపత్రి దాకా ఆగే టైం ఉండదు.

నేను చేసిన మొదటి పనే తప్పు. వేళ్ళు నేరుగా నోట్లో పెట్టేశాను, టెంక తగిలింది, అది రసంతో జారుడుగా ఉంది కదా, పట్టుకోబోతే ఇంకా లోపలికి పోయింది. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడు మా పాత క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడ ఎత్తినావిడ "డాక్టర్ గారు వెళ్ళిపోయారు, పొద్దున్నే తీసుకురండి" అని పెట్టేసింది. ఊపిరాడట్లేదు అని వాడు రెండుసార్లు చెప్పాడు. పొద్దున్నే అట!

తర్వాత చిట్టికి టీకాలు వేసే డాక్టరమ్మకి చేశాడు. ఆవిడ భోజనం దగ్గర్నుంచి లేచి వచ్చి మాట్లాడారు. స్పీకర్‌లో పెట్టాం. మొదటి మాటే "ముందు వేళ్ళు తీసేయండమ్మా, కంటికి కనిపిస్తేనే తియ్యాలి, లోపల గట్టిగా తగిలిందల్లా టెంక కాదు" అన్నారు. నాలుక మొదట్లో కుక్కకి చిన్న ఎముకలుంటాయట, కంగారులో అవే ఇరుక్కున్న ముక్కనుకుని లాగేసేవాళ్ళున్నారట.

భుజాల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు వెయ్యమన్నారు, వేశాం. రాలేదు. అప్పుడు మా వాడు చిట్టి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పొట్ట చుట్టూ చేతులేసి, చివరి పక్కటెముక దాటగానే మెత్తగా ఉండే చోట పిడికిలి పెట్టి, ఇంకో చెయ్యి దానిమీద వేసి లోపలికీ పైకీ, అంటే తలవైపుకి, ఒక్కసారిగా గుంజాడు. అలా ఐదుసార్లు. మూడోసారికి గొంతులో ఏదో గురక లాంటిది వినిపించింది, వచ్చేస్తుందనుకున్నా. ఐదోసారి చేస్తుండగానే వాడి చేతుల్లోనే వాలిపోయింది. మూత్రం పోసేసింది. చిగుళ్ళు ఎత్తి చూస్తే నేరేడుపండు రంగు.

నేను ఏడుస్తున్నా. ఫోన్లోంచి ఆవిడ గట్టిగా అరిచారు, "ఏడుపు తర్వాత, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, మెడ తిన్నగా చాపండి, పిలిస్తే పలుకుతోందా, ఛాతీ కదుల్తోందా చూడండి, పది సెకన్లే!" పలకలేదు, కదల్లేదు. గుండె కొట్టుకుంటోందేమో చూద్దామని నేను చెయ్యి పెట్టబోతే వద్దన్నారు. తొడ లోపల నాడి వెతుక్కోవడం కంగారులో మాకే దొరకదు, మీకేం దొరుకుతుంది, దాని కోసం ఒక్క సెకను కూడా పోగొట్టొద్దు అన్నారు.

ఆ తర్వాత చెప్పింది కుక్కని పెంచే ప్రతివాళ్ళూ నేర్చుకోవాలి. గొంతులో ఇరుక్కున్నది బంతిలాగా, టెంకలాగా గట్టిగా జారుడుగా ఉండేదైతే నోట్లోంచి లాగడం కంటే బయటినుంచి తొయ్యడం తేలిక. కింది దవడ ఎముకల వెనక, గొంతు మీద తడిమితే నాకు గడ్డలాగా తగిలింది. ఆ గడ్డకి మెడవైపున, అంటే దాని వెనకాల, రెండు బొటనవేళ్ళు ఆనించి నోటివైపు నెట్టాను. మొదటిసారి జారింది. రెండోసారి నాలుక మీదకి వచ్చి కనిపించింది. మా వాడు తువ్వాలుతో నాలుక బయటికి లాగి పట్టుకుని, అదే తువ్వాలు కొసతో టెంక పట్టి తీసేశాడు. ఉత్త వేళ్ళకి దొరకనిది గుడ్డకి దొరికింది.

టెంకొచ్చింది గానీ ఊపిరి రాలేదు.

నేను టీచర్ని, మా స్కూల్లో ఒకసారి గుండె ఆగిన మనుషులకి చేసే సీపీఆర్ నేర్పారు, కాబట్టి 30 నొక్కులు 2 ఊపిర్లు అన్న లెక్క తెలుసు. కుక్కకీ అదే లెక్క. పడుకోబెట్టిన తీరే వేరు. చిట్టి లాంటి గుండ్రటి ఛాతీ ఉన్న కుక్కల్ని పక్కకి పడుకోబెట్టి, ఛాతీ అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట చేతి మీద చెయ్యేసి, మోచేతులు వంచకుండా, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120, అంటే సెకనుకి దాదాపు రెండు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, నేను ఒళ్ళు భారమంతా దానిమీదే వేసి ఉంచేస్తుంటే ఆవిడ నా లెక్క విని "పైకి వదుల్తున్నారా" అని అడిగారు. సన్నగా లోతుగా ఛాతీ ఉన్న కుక్కలకైతే దాని ముందు కాలు మడిస్తే ఆ మోచెయ్యి ఛాతీకి ఆనే చోట, గుండె మీదే నొక్కాలట. బుల్‌డాగ్ లాంటి బల్లపరుపు ఛాతీ వాటిని వెల్లకిలా వేసి నొక్కాలి. చిన్నవాటికి ఒక్క చేత్తో ఛాతీని చుట్టి పట్టుకుని బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య నొక్కితే చాలు.

30 అయ్యాక మా వాడు మూతి గట్టిగా మూసి, దాని ముక్కు మొత్తం తన నోటితో కప్పి, ఛాతీ లేచేదాకా ఊదాడు, రెండుసార్లు. ఛాతీ లేవకపోతే మెడ వంకరగా ఉన్నట్టో, గొంతులో ఇంకా ఏదో ఉన్నట్టో. మా చిట్టికి లేచింది. మళ్ళీ 30. రెండు నిమిషాలకి మనిషి మారాలి, నాకైతే ఒకటిన్నరకే భుజాలు పడిపోయాయి. మధ్యలో ఒకసారి నోరు పెద్దగా తెరిచి ఎగశ్వాస లాగా పీల్చింది, లేచిందనుకుని ఆపేశాం, "అది ఊపిరి కాదు, ఆపొద్దు" అన్నారు. నిజంగా వచ్చినప్పుడు తెలిసింది, ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చాయి, కాలు కదిపింది, నాలుక రంగు మారింది. మూతి దగ్గర్నుంచి జరగండి, తెలివొస్తూ కరవొచ్చు అన్నారు. ఫోన్లో చూస్తే ఆ కాల్ మొత్తం 9 నిమిషాలే.

ఆవిడ వెంటనే విజయవాడ తీసుకొచ్చేయమన్నారు. పావుగంటకి చిట్టి లేచి నీళ్ళు తాగి తోకూపింది. అప్పుడు మా అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, "కుక్కే కదమ్మా, లేచి తిరుగుతోంది కదా, ఈ అర్ధరాత్రి కారు వేసుకుని గంటపైన పోవడం ఎందుకు, అంతగా అయితే ఇంకోటి తెచ్చుకోవచ్చు" అన్నారు. ఆయన మీద ఎంత కోపం ఉందో, ఆ మాట విని ఆగిపోయిన నామీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆయన ఇంటికొస్తే ఇప్పటికీ నేను కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోతున్నా.

రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువొచ్చింది. చిట్టి పడుకోలేదు. కూర్చునే ఉంది, ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి. పడుకోబెడితే లేచిపోతోంది. ఫ్యాన్ ఆపి ఫోన్లో టైం పెట్టి ఊపిర్లు లెక్కపెట్టాను. నిద్రలో ఉన్న కుక్కకి నిమిషానికి 30 లోపు ఉండాలి. నాకు 64 వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను, 68. మూతి దగ్గర నురగ, తుడిస్తే తువ్వాలు మీద లేత గులాబీ రంగు. ద్వారకా తిరుమల వెంకన్నకి అక్కడే మంచం పక్కన మొక్కుకున్నాను. మా వాణ్ణి లేపాను, పక్కింటి డ్రైవర్ బాబాయ్ లుంగీ మీదే వచ్చి కారు తీశాడు, ఒక్క మాట అడగలేదు, ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు. ఏసీ వేసుకుని వెళ్ళాం, దారంతా దాన్ని ఎత్తుకోలేదు, ఎలా కూర్చుంటానంటే అలానే కూర్చోనిచ్చాం.

డాక్టరమ్మ మూడు గంటలప్పుడు క్లినిక్ తలుపు తీసి ఉంచారు. ముందు ఆక్సిజన్, కాస్త కుదుటపడ్డాకే ఎక్స్‌రే. ఊపిరితిత్తుల వెనక భాగమంతా తెల్లగా ఉంది, నీరు. మూసుకుపోయిన గొంతుతో అది బలమంతా పెట్టి గాలి లాగింది కదా, గాలి రాలేదు, ఆ లాగుడికి రక్తనాళాల్లోంచి నీరు ఊపిరితిత్తుల్లోకి వచ్చేసిందట. అడ్డం తీసేశాక కుక్క మామూలుగా తిరుగుతూనే ఉంటుంది, గంటల తర్వాత బయటపడుతుంది. అందుకే లేచి తోకూపినా సరే ఆ రోజంతా డాక్టర్ కళ్ళ ముందే ఉండాలి. "నేను రమ్మన్నప్పుడు ఎందుకు రాలేదు" అని ఒక్కసారి అడిగారు, నేనేం చెప్పలేదు.

రెండు రోజులు ఆక్సిజన్ పెట్టెలో ఉంది. మూడోరోజు ఎక్స్‌రే తేటపడింది. ఒక పక్కటెముక చిట్లింది, అది నా చేతి పనే, దానికి నొప్పి మందు ఇచ్చారు. ఇంటికొచ్చే రోజు నేను అడిగాను, నిజంగా గుండె ఆగిందా అని. ఆవిడ దాచకుండా చెప్పారు, ఆగి ఉండకపోవచ్చు, ఊపిరి మాత్రమే ఆగి ఉండొచ్చు, అందుకే ఇంత త్వరగా తిరిగొచ్చింది, గుండె నిజంగా ఆగిన కుక్కల్లో ఆసుపత్రిలో ఉన్నవాటికే వందకి పది కూడా ఇంటికెళ్ళవు. అయినా పలక్కుండా ఊపిరి లేకుండా పడి ఉంటే నొక్కడమే మంచిది, గుండె కొట్టుకుంటున్నా నొక్కితే జరిగే నష్టం తక్కువ, నొక్కకపోతే పోయేది ప్రాణం అన్నారు. బతికున్న కుక్క మీద మాత్రం ప్రాక్టీస్ చెయ్యొద్దని రెండుసార్లు చెప్పారు, దిండు మీద చేసుకోమన్నారు.

టెంకలు ఇప్పుడు తినగానే మూతున్న బకెట్లో పడుతున్నాయి. చిట్టి పడుకున్నాక రోజూ రాత్రి ఒక నిమిషం లెక్కపెడతాను, నిన్న 18. మొక్కు ఇంకా తీర్చుకోలేదు, మా ఆయనకి సెలవు దొరకగానే వచ్చే శనివారం బయల్దేరుతున్నాం, డ్రైవర్ బాబాయ్‌నీ రమ్మన్నాం.