వంద రీముల కాగితం, రెండు లోపాలు: నా అనుభవం

తెనాలిలో నాకొక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. పోయిన ఏడాది వేసవిలో ఒక పాఠశాల వారి అభ్యాస పుస్తకాల పని ఒప్పుకొని, దానికోసం విజయవాడలోని ఒక కాగితం వర్తకుడికి రీముకు 500 షీట్ల చొప్పున వంద రీముల మ్యాప్‌లితో అనే అచ్చు కాగితానికి ఆర్డరు ఇచ్చాను. ఆర్డరు కాగితంలో మూడు సంగతులు రాశాను: 61 × 86 సెంటీమీటర్ల సైజు, 80 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు, ప్రతి రీముకూ పాలిథిన్ చుట్టు. పిల్లల పుస్తకాలకు రెండు వైపులా అచ్చు వేస్తామన్న మాట కూడా అందులోనే ఉంది. ధర రీముకు 1,890 రూపాయలు, అంటే కిలో 90 చొప్పున 21 కిలోలకు. లక్ష రూపాయలు ముందే కట్టాను, 89,000 బాకీ పెట్టుకున్నాను.

లారీ వచ్చిన రోజు రీములకు పాలిథిన్ లేదు, మామూలు గోధుమరంగు కాగితమే చుట్టి ఉంది. వర్షాకాలం దగ్గర పడుతున్నందున నాకు కోపం వచ్చి అప్పుడే ఫోను చేసి గట్టిగా మాట్లాడాను, వాట్సాప్‌లో ఫొటోలు కూడా పంపాను. ఆ తర్వాత నేనే పాలిథిన్ కొని, కూలి ఇచ్చి చుట్టించుకున్నాను, రీముకు 20 రూపాయలయింది. అంత జాగ్రత్తపడిన మనిషిని ఒక్క రీమునైనా తూకం వేసి చూడలేదు. చుట్టు మీద చేత్తో 80 అని రాసి ఉంటే నమ్మాను.

పద్దెనిమిదో రోజున పని మొదలుపెట్టాం. పన్నెండు రీములు అచ్చయ్యాక పాఠశాల నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు ఒక ఫారాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని, వెనక పేజీలోని లెక్కలు ఈ పేజీ మీద కనబడుతున్నాయని అన్నారు. నిజమే. వెంటనే ఆ కాగితం నుంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు పది కోయించి, పక్క వీధిలోని కంసాలి త్రాసులో తూచాను. అలాంటి పది ముక్కల విస్తీర్ణం చదరపు మీటరులో పదో వంతు కాబట్టి 80 జీఎస్‌ఎం అయితే 8 గ్రాములు తూగాలి. త్రాసు 7 గ్రాములు చూపించింది. ఆ తర్వాత విప్పని రీము ఒకటి ప్రెస్సులోని కాటాకు ఎక్కిస్తే 21 కిలోలు ఉండాల్సింది 18 కిలోల 400 గ్రాములే ఉంది. వచ్చింది 70 జీఎస్‌ఎం. కాగితం తయారీలో కొద్దిపాటి తేడా మామూలే, నేనూ దానికి పేచీ పెట్టను, కానీ ఎనిమిదింట ఒక వంతు తేడాను ఏ ప్రెస్సువాడూ ఒప్పుకోడు.

వర్తకుడు బిల్లు అడుగున ఉన్న అచ్చు వాక్యాన్ని చూపించాడు: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." నేను మాత్రం మిగిలిన 88 రీములు వాపసు పంపి, లక్షలో నాకు రావాల్సింది రాబట్టుకుంటానని పట్టుబట్టి ఒక వకీలు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆర్డరు కాగితం, బిల్లు చదివి, 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం తీసి నా ముందు పెట్టారు.

"మీకున్న ఫిర్యాదులు రెండు. ముందు వాటిని విడదీయాలి," అన్నారాయన. ఒప్పందంలోని మాటలను చట్టం 12వ సెక్షనులో రెండు రకాలుగా చెబుతుంది. ఒప్పందపు అసలు ఉద్దేశానికి ప్రాణం లాంటిది కండిషన్. ఆ ఉద్దేశానికి అనుబంధంగా ఉండేది వారంటీ. కండిషన్ తప్పితే కొన్నవాడు ఒప్పందాన్నే రద్దయినట్లు భావించి సరుకును తిరస్కరించవచ్చు. వారంటీ తప్పితే నష్టపరిహారం అడగవచ్చే తప్ప సరుకును తిప్పి పంపే హక్కు లేదు. దుకాణాల్లో ఏడాది వారంటీ, రెండేళ్ల వారంటీ అని వినీ వినీ, వారంటీ అంటే సరుకు మార్చి ఇచ్చే హామీ అనుకుంటాం. చట్టంలో మాత్రం బలహీనమైన మాట అదే. పైగా ఒప్పందంలో దేనికి ఏ పేరు పెట్టారన్నది ముఖ్యం కాదనీ, వారంటీ అని రాసినా స్వభావాన్ని బట్టి కండిషన్ కావచ్చనీ ఆ సెక్షనే చెబుతోంది.

80 జీఎస్‌ఎం అన్నది నేను కొన్న వస్తువు వర్ణన. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది 15వ సెక్షను ప్రకారం కండిషనే. రెండు వైపులా అచ్చుకని ముందే చెప్పి, కాగితం వ్యాపారంలో ఉన్న ఆయన నేర్పును నమ్మి కొన్నాను కాబట్టి, ఆ పనికి తగినట్లు ఉండాలన్న 16వ సెక్షను కండిషన్ కూడా తప్పింది. పాలిథిన్ సంగతి వేరు. అది లేకపోయినా నాకు కాగితం అందింది, ఇరవై రూపాయల ఖర్చుతో లోపం తీరింది. కనుక అది వారంటీ అనే ఆయన అభిప్రాయం. పడవ మీద సముద్రం దాటే సరుకయితే అదే మాట కండిషన్ కూడా కావచ్చునని ఆయనే అన్నారు.

"అయితే వాపసు పంపొచ్చు కదండీ," అన్నాను.

"పద్దెనిమిది రోజుల కిందట అయితే పంపగలిగేవారు," అన్నారు.

చట్టంలో ఎక్కువమందికి తెలియని మలుపు ఇదే. ఒప్పందం విడదీయడానికి వీల్లేనిదై, కొన్నవాడు సరుకును గానీ అందులో కొంత భాగాన్ని గానీ స్వీకరించి ఉంటే, కండిషన్ తప్పినా దాన్ని వారంటీ తప్పినట్లుగానే చూడాలని 13వ సెక్షను రెండో ఉపసెక్షను అంటుంది. నాది ఒకే ఆర్డరు, ఒకే ధర, ఒకే లారీ. విడివిడి వాయిదాలూ లేవు, విడివిడి చెల్లింపులూ లేవు. స్వీకరించడమంటే "తీసుకున్నాను" అని నోటితో చెప్పడమే కాదు. అమ్మినవాడి యాజమాన్యానికి పొసగని పని ఏదైనా చేసినా, సమంజసమైన గడువు దాటినా తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సరుకు ఉంచుకున్నా స్వీకరించినట్లేనని 42వ సెక్షను. నేను రెండూ చేశాను. పరీక్షించే అవకాశం 41వ సెక్షను నాకిచ్చింది, కాటా నా ప్రెస్సులోనే ఉంది. ఆ అవకాశాన్ని పాలిథిన్ మీద కేకలు వేయడానికి వాడుకున్నాను. అసలు ఆ గొడవ నేను సరుకు దిగిన రోజునే చూసుకున్నానని చెప్పే సాక్ష్యంగా నాకే ఎదురు తిరుగుతుందని ఆయన హెచ్చరించారు.

బిల్లు అడుగు వాక్యాన్ని మాత్రం ఆయన పెద్దగా పట్టించుకోలేదు. చట్టం పెట్టే షరతులను ఒప్పందం ద్వారా తొలగించుకోవచ్చని 62వ సెక్షను చెప్పినా, ఒప్పందం ఆర్డరుతో, అడ్వాన్సుతో ముందే కుదిరిపోయింది. తర్వాత వచ్చిన బిల్లు మీది అచ్చు అందులో భాగం కాదన్నది ఆయన వాదం. పైగా నేనిప్పుడు అడగబోయేది వాపసు కాదు, డబ్బు.

ఆ డబ్బు ఎలా అడగాలో 59వ సెక్షనులో ఉంది. లోపాన్ని చూపించి ధరలో తగ్గింపు కోరవచ్చు, లేదా నష్టపరిహారానికి దావా వేయవచ్చు. ధరలో తగ్గించుకున్నా, ఇంకా నష్టం మిగిలితే దానికోసం విడిగా దావా వేయడానికి అడ్డు లేదు. నా చేతిలో ఇంకా కట్టని 89,000 ఉన్నాయి కాబట్టి కోర్టు మెట్లెక్కాల్సిన అవసరం నాకన్నా వర్తకుడికే ఎక్కువ. వినియోగదారుల కమిషను ఆలోచన కూడా చెప్పాను గానీ, నలుగురు పనివాళ్లతో నడిచే వ్యాపారానికి కొన్న కాగితం కనుక అక్కడ నిలవడం కష్టమన్నారు.

లెక్క ఇద్దరం కూర్చొని వేశాం. 70 జీఎస్‌ఎం రీము లెక్క ప్రకారం 18.36 కిలోలు, దాని విలువ అదే కిలో ధరకు 1,652 రూపాయలు. తేడా రీముకు 238, వంద రీములకు 23,800. పాలిథిన్ ఖర్చు 2,000. ఇక చెడిపోయిన పన్నెండు రీముల దగ్గర నేను పొరపాటు చేశాను. వాటి కాగితానికి రీముకు 1,890 చొప్పున పూర్తి ధర వేశాను. 238 తేడాను వంద రీములకూ ఇంతకు ముందే వేసుకున్నాం కాబట్టి, ఈ పన్నెండింటికీ 1,652 చొప్పునే వేయాలని వకీలు గారు దిద్దారు. ఆ విధంగా కాగితం 19,824, సిరా, కరెంటు, కూలి 6,000, అందులోంచి చిత్తుకాగితంగా అమ్మగా వచ్చిన 3,300 పోను 22,524. ప్లేట్లు మళ్లీ పనికొచ్చాయి కాబట్టి వాటిని కలపలేదు. మిగిలిన 88 రీములను బిల్లు పుస్తకాలకూ కరపత్రాలకూ వాడుకున్నాం. నష్టం తగ్గించుకునే దారి ఉన్నప్పుడు వాడుకోకపోతే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద అది మన లెక్కకే వ్యతిరేకంగా పడుతుంది.

మొత్తం 48,324 తగ్గించుకుంటున్నామని నోటీసు స్పీడ్ పోస్టులో పంపాం. నోటీసులో "సరుకు తిరస్కరిస్తున్నాం" అన్న మాట ఎక్కడా లేదు, "కండిషన్ భంగాన్ని వారంటీ భంగంగా ఎంచి" అనే రాశారు. జవాబులో వర్తకుడు జీఎస్‌ఎం తేడాను కాదనలేకపోయాడు. తూచకుండా అచ్చు మొదలెట్టింది నా తప్పు అన్నాడు. అది అన్యాయమైన మాటేమీ కాదు, నేను కూడా లోలోపల ఒప్పుకున్నాను. చివరకు చెడిపోయిన రీముల నష్టంలో సగం నేను భరించేలా కుదిరి, ఆయన బాకీలో 37,000 రూపాయలు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చాడు, నేను 52,000 కట్టి లెక్క మూసేశాను.

సంక్రాంతి ముందు వేరే వర్తకుడి దగ్గర ఇరవై రీములు తెల్ల కాగితం కొన్నాను, అడ్వాన్సు 10,000. ఈసారి లారీ తలుపు తీస్తుండగానే కాటా బయట పెట్టించాను. తూకం సరిగ్గానే ఉంది. చుట్టు విప్పితే మాత్రం కాగితం పసుపు ఛాయ. అది కూడా వర్ణన తప్పడమే. ఒక్క కాగితమైనా కోయకముందే, ఒక్క ఫారమైనా కదపకముందే "వర్ణనకు సరిపోలేదు, తిరస్కరిస్తున్నాను" అని రాసి పంపాను. తిప్పి పంపే బాధ్యత కూడా నాది కాదు, తిరస్కరించానని తెలియజేస్తే చాలని 43వ సెక్షను. తడవని చోట ఉంచి, వాళ్ల బండి వచ్చేదాకా ముట్టుకోలేదు. ఈలోపు కావలసిన 420 కిలోలు మరోచోట కిలో 95 చొప్పున కొన్నాను. అడ్వాన్సు 10,000తో పాటు, కిలోకు ఎక్కువ పెట్టిన 5 రూపాయల లెక్కన 2,100 కూడా ఆయన పదకొండో రోజున పంపించాడు.

ఇప్పుడు నా ఆర్డరు కాగితంలో ఒక వాక్యం అదనంగా ఉంటుంది: పరీక్ష కోసం రెండు రీముల వరకు వాడినా, సరుకు దిగిన పది రోజుల లోపు మొత్తాన్ని తిరస్కరించే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. ఒప్పందంలో అలా రాసుకుంటే 13వ సెక్షను అడ్డు రాదు. ఇద్దరు వర్తకులు సంతకం పెట్టారు, ఒకాయన పెట్టనన్నాడు. ఆయన దగ్గర కొనడం మానేశాను.