మ్యాక్ ఫిల్టర్‌ను నమ్ముకుని నడిపిన మా రీడింగ్ హాల్ వైఫై: నా అనుభవం

పర్లాకిమిడిలో మా ఇంటి కింది అంతస్తులో మూడేళ్లుగా రీడింగ్ హాల్ నడుపుతున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు కాశీనగర్, గుణుపురం నుంచీ, సరిహద్దుకు అవతల ఉన్న పాతపట్నం నుంచీ కూడా వస్తారు. 38 కుర్చీలు ఉన్నాయి. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతాం. నెల రుసుములోనే వైఫై కూడా కలిపి ఇస్తాను, ఎందుకంటే మాదిరి పరీక్షలన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి.

మొదటి ఏడాది పాస్‌వర్డ్ పెట్టాను. నెల తిరగకుండానే అది వీధిలో అందరి నోటా ఉంది. విసిగిపోయి రౌటర్ సెట్టింగులు వెతుకుతుంటే మ్యాక్ ఫిల్టరింగ్ కనిపించింది. ప్రతి ఫోనుకూ, ల్యాప్‌టాప్‌కూ ఉండే మ్యాక్ అడ్రసును జాబితాలో చేర్చితే, జాబితాలో లేని పరికరాన్ని రౌటర్ చేర్చుకోదు. ఒకరు చెబితే మరొకరు వాడుకునే పాస్‌వర్డ్ కంటే పరికరానికే ముడిపడిన నంబరు గట్టిదని నాకు తోచింది. పాస్‌వర్డ్ పూర్తిగా తీసేసి, నెట్‌వర్క్‌ను ఓపెన్‌గా ఉంచి, ఒక్కొక్కరి ఫోను తీసుకుని అడ్రసు రాసుకుని జాబితాలో ఎక్కించాను. ఆ పని పూర్తి చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చిక్కులు మొదట నేను అనుకోని వైపు నుంచి వచ్చాయి. జాబితాలో ఉన్న పిల్లల ఫోన్లే అప్పుడప్పుడు చేరడం మానేసేవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసును దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రసు చూపుతాయని నాకు అప్పటికి తెలియదు. ఓపెన్ నెట్‌వర్క్‌ల మీదైతే కొన్ని కొత్త ఫోన్లు ఆ కల్పిత అడ్రసును కూడా కొన్నాళ్లకోసారి మార్చుకుంటాయి. అడ్రసులో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది సాధారణంగా ఇలా కల్పించినదే. నా జాబితాలో సగానికి పైగా అలాంటివే ఉన్నాయి. అంటే పరికరానికి శాశ్వతంగా ముడిపడినదని నేను నమ్మిన నంబరు, ఆ ఫోను తనంతట తాను పెట్టుకున్న మారుపేరు మాత్రమే.

అసలు విషయం డేటా వాడకం వల్ల బయటపడింది. నెలంతా రావలసిన పరిమితి ఇరవయ్యో తేదీకే అయిపోయి వేగం పడిపోవడం వరసగా రెండు నెలలు జరిగింది. మేము పైఅంతస్తులోనే ఉంటాం కాబట్టి రౌటర్ రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. ఒక రాత్రి పదకొండు దాటాక రౌటర్ పేజీ తెరిచి చూస్తే, హాల్ మూసి రెండు గంటలైనా ఒక పరికరం చేరి ఉంది. అడ్రసు చూస్తే కాశీనగర్ అబ్బాయిది. వెంటనే ఫోన్ చేసి, "బాబూ, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని అడిగాను. "లేదండి మాస్టారూ, ఎనిమిదింటి బస్సుకే ఇంటికి వచ్చేశాను, ఫోను నా చేతిలోనే ఉంది కదండీ" అన్నాడు. వాడిని అనుమానించినందుకు నాకు చాలా బాధ కలిగింది.

అప్పుడు అదే వరుసను మళ్లీ నిదానంగా చూశాను. రౌటర్ నుంచి ఐపీ అడ్రసు అడిగేటప్పుడు చాలా పరికరాలు తమ పేరు కూడా చెబుతాయి. పగలు ఆ మ్యాక్ అడ్రసు పక్కన ఆ అబ్బాయి ఫోను మోడల్ పేరు ఉండేది. ఆ రాత్రి అక్కడ `DESKTOP-` అని మొదలయ్యే పేరు ఉంది. నంబరు ఒకటే, దాని వెనుక ఉన్నది వేరే యంత్రం. ఆ అడ్రసును జాబితా నుంచి తీసేశాను. మూడో రాత్రి అదే `DESKTOP-` పేరు, ఇంకో విద్యార్థిని అడ్రసుతో వచ్చి చేరింది. ఇలా తీసేసుకుంటూ పోతే చివరికి నా పిల్లలే బయట ఉంటారు, ఆ వ్యక్తి మాత్రం లోపల ఉంటాడని అర్థమైంది.

విశాఖపట్నంలో నెట్‌వర్క్ పని చేసే మా మేనల్లుడు పండగకు వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. వాడు నా అనుమతితో, నా నెట్‌వర్క్ మీదనే చేసి చూపించాడు. వీధిలోకి వెళ్లి, మా వైఫైలో చేరకుండానే, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డును గాలిలో పోయే ఫ్రేములు అనే సమాచార ముక్కలన్నీ వినే మానిటర్ మోడ్‌లో పెట్టి, `airodump-ng` అనే ప్రోగ్రాము నడిపాడు. ఒక నిమిషం కూడా గడవకముందే తెర మీద ఈ తరహా వరుసలు వచ్చాయి (అడ్రసులు మార్చి ఇస్తున్నాను):

```
BSSID              STATION            PWR
02:11:22:33:44:50  5E:3A:91:0C:7D:42  -41
02:11:22:33:44:50  A6:70:1B:E8:25:9F  -58
```

ఎడమ పక్కది మా రౌటర్, మధ్యలోవి హాల్లో కూర్చున్న పిల్లల ఫోన్లు, చివరిది సిగ్నల్ బలం. నేను రెండు రోజులు కూర్చుని రాసిన జాబితా ఇంటి బయట నిలబడిన వాడికి తనంతట తానే వచ్చి పడుతోంది. తర్వాత వాడు కార్డును మామూలు మోడ్‌కు తెచ్చి, కాసేపు ఆపి, దాని అడ్రసును అందులో ఒకదానికి మార్చుకోవడానికి వాడిన ఆదేశం ఇంతే:

```
ip link set dev wlan0 address 5E:3A:91:0C:7D:42
```

ఆ ఫోను వెళ్లిపోయేదాకా ఆగి చేరాడు. రౌటర్ మారు మాట్లాడకుండా చేర్చుకుంది.

"మావయ్యా, పాస్‌వర్డ్ పెట్టి ఉన్నా నాకు ఈ అడ్రసులు కనబడేవే" అన్నాడు. అది నాకు కొత్త సంగతి. వైఫైలో పోయే ప్రతి ఫ్రేము ముందూ ఎవరి నుంచి, ఎవరికి అన్న అడ్రసులు ఉంటాయి. అవి చదవకపోతే ఆ ఫ్రేము తనకో కాదో ఏ పరికరానికీ తెలియదు కనుక, పాస్‌వర్డ్‌తో రక్షించే WPA2 పద్ధతి పెట్టినా, దాని తర్వాత వచ్చిన WPA3 పెట్టినా గుప్తీకరణ జరిగేది లోపలి విషయానికే. అడ్రసులు బాహాటంగానే పోతాయి. పోస్టు కవరు లోపలి ఉత్తరాన్ని దాచగలం గానీ కవరు మీది చిరునామాను దాచలేం కదా. అందరికీ వినబడేలా పలికే పేరును గుర్తింపుగా తీసుకోవడమే ఈ ఫిల్టర్‌లోని మూలదోషం. పాస్‌వర్డ్ పద్ధతి ఇందుకు భిన్నం: ఫోనూ రౌటరూ పాస్‌వర్డ్‌ను గాలిలోకి పంపవు, అది తమకు తెలుసునని లెక్క ద్వారా ఒకదానికొకటి రుజువు చేసుకుంటాయి.

నేను చేసిన ఇంకా పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఎవరు చేరాలన్నది మాత్రమే ఫిల్టర్ చూస్తుంది. గాలిలో పోయే సమాచారాన్ని అది ఏమాత్రం కప్పదు. ఏడాదిన్నర పాటు మా హాల్ నెట్‌వర్క్ మీద గుప్తీకరణ లేదు. వెబ్‌సైట్లు తమ వైపు నుంచి గుప్తీకరించినవి మాత్రమే పిల్లలకు రక్షణగా నిలిచాయి.

అదే రోజు మార్చడం మొదలుపెట్టాం. రౌటర్ పేజీలో WPA2, WPA3 రెండింటినీ అనుమతించే మిశ్రమ పద్ధతిని ఎంచుకుని, గుప్తీకరణలో పాతదైన TKIP వదిలి AES మాత్రమే ఉంచాం. కేవలం WPA3 పెడదామంటే ముగ్గురి పాత ఫోన్లు చేరలేదు. పాస్‌వర్డ్‌గా నా మొబైల్ నంబరు ఇవ్వబోతే మేనల్లుడు ఆపి, కాగితం మీద లెక్క వేశాడు. WPA2లో ఒక ఫోను చేరేటప్పుడు జరిగే సంభాషణను బయటి వ్యక్తి ఒక్కసారి పట్టుకుంటే చాలు, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఎన్ని ఊహలైనా సరిచూసుకోవచ్చు. రౌటర్‌కు ఆ సంగతే తెలియదు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు ఐదు లక్షల ఊహలు సరిచూస్తుందనుకుంటే 8,000 సెకన్లు, అంటే రెండుంబావు గంటల్లోపే పని అయిపోతుంది. నా నంబరైతే బయట బోర్డు మీదనే ఉంది, అంత శ్రమ కూడా అక్కరలేదు.

దాని బదులు చిన్న ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి, ఒకదానికొకటిలా కనబడే l, 1, o, 0 తీసేస్తే మిగిలే 32 గుర్తుల నుంచి పన్నెండింటిని యాదృచ్ఛికంగా కంప్యూటర్ చేత ఎంపిక చేయించాం. అదే కార్డు అన్నీ సరిచూడాలంటే సుమారు 73 వేల ఏళ్లు పడుతుంది. WPA3తో చేరే ఫోన్ల విషయంలో ఇలా ఇంట్లో కూర్చుని ఊహించే వీలే లేదు, కానీ మిశ్రమ పద్ధతిలో పాత ఫోన్లు WPA2తోనే చేరతాయి కనుక ఈ పొడవు తప్పనిసరి. పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తో పరికరాలను చేర్చే WPS కూడా ఆపేశాం. దాని ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూడడం వల్ల అది గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరుకుతుందని 2011లోనే బయటపడింది. అది తెరిచి ఉంటే ముందు తలుపుకు ఎంత తాళం వేసినా లాభం లేదు.

ఇక పాస్‌వర్డ్ నోటి మాటగా ఊరంతా పాకడం అనే నా మొదటి బాధ మిగిలింది. దీనికోసం నెట్‌వర్క్‌ను రెండుగా విడదీశాం. నా కంప్యూటర్, ప్రింటర్, సీసీ కెమెరా ఉన్నదాని పాస్‌వర్డ్ ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వను. పిల్లలకు గెస్ట్ నెట్‌వర్క్, అందులో ఒకరి పరికరం మరొకరి పరికరాన్ని చూడకుండా `AP Isolation`. దాని పాస్‌వర్డ్ ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది. రుసుము కట్టినవారికి రసీదు మీద క్యూఆర్ కోడ్‌గా అచ్చువేసి ఇస్తాను కాబట్టి పన్నెండు గుర్తులూ ఎవరూ చేత్తో కొట్టనక్కరలేదు.

దీనికీ హద్దులున్నాయి. ఎవరైనా ఆ క్యూఆర్ కోడ్‌ను స్నేహితుడికి పంపితే నెలాఖరు దాకా అతను కూడా చేరగలడు. పైగా ఒకే పాస్‌వర్డ్ తెలిసినవారు, WPA2తో చేరిన పక్కవాడి సంభాషణను పట్టుకుంటే అతని సమాచారాన్ని విప్పగలరు. ఒక్కొక్కరికీ వేరువేరు పేరూ పాస్‌వర్డూ ఇచ్చే WPA2-Enterprise పెడితే రెండోది తీరుతుంది, పాస్‌వర్డ్ పంచిన లేదా మానేసిన ఒక్కరిని మాత్రమే తొలగించడమూ వీలవుతుంది. దానికి పేర్లు సరిచూసే రేడియస్ సర్వర్ కావాలి, ఈ పద్ధతి ఉన్న రౌటర్ కావాలి. మా రౌటర్ మెనూలో ఆ ఎంపిక లేదు. వచ్చే వేసవిలో రౌటర్ మార్చేటప్పుడు మొదట చూసేది అదే.

మ్యాక్ జాబితాను మాత్రం పూర్తిగా తీసేశాను. గట్టి పాస్‌వర్డ్ మీద అది అదనంగా కలిపే రక్షణ దాదాపు ఏమీ లేదు, ఫోను అడ్రసు మారిన ప్రతిసారీ ఒక పిల్లవాడి మాదిరి పరీక్ష పోయేది. మార్చిన తర్వాత పదిహేను రాత్రులు వరసగా పదకొండింటికి రౌటర్ పేజీ చూశాను. మా ఇంటి నాలుగు పరికరాలు తప్ప ఏమీ లేవు, `DESKTOP-` పేరు మళ్లీ రాలేదు. కాశీనగర్ అబ్బాయికి ఇదంతా వివరంగా చెప్పి, ఆ రాత్రి అడిగినందుకు క్షమించమన్నాను.