కుడివైపు ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరిగేది

తెల్లవారుజామున నిద్రలో కుడివైపుకి ఒత్తిగిలాను, అంతే, గది మొత్తం గిర్రున తిరిగింది. నీరసానికి కళ్లు బైర్లు కమ్మడం వేరు, ఇది వేరు, గోడలే నా చుట్టూ తిరుగుతున్నట్టుంది. భయమేసి చటుక్కున లేచి బాత్రూమ్ వైపు నడవబోయాను. రెండో అడుగుకే తూలి, బీరువాకి భుజం కొట్టుకుని కూలబడ్డాను. ఇంకొంచెం పక్కకి పడి ఉంటే తలే పగిలేది.

మా ఆవిడ పట్టుకుని కూర్చోబెట్టింది. "మాట తడబడుతోందా, చేతులు రెండూ ఎత్తండి, ఒకటి రెండుగా కనిపిస్తోందా" అని వరుసగా అడిగింది. అవేవీ లేవు, విపరీతమైన తలనొప్పి కూడా లేదు, కాసేపటికి గోడ పట్టుకోకుండానే నడవగలిగాను. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, తిరుగుడు ఆగకపోయినా, చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా పొద్దు పొడిచేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, చకచకా వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచుకి కాస్త కిందికి వాలేలా పట్టుకున్నారు. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు, హమ్మయ్య అనుకునేలోపే మొదలైంది. కళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయట, ఆయన వాటినే చూస్తున్నారు. అర నిమిషంలో ఆగింది. ఎడమవైపు చేస్తే ఏమీ రాలేదు. లోపలి చెవిలో ఉండాల్సిన సన్నటి కాల్షియం కణాలు ఊడి పక్కనున్న గొట్టంలోకి జారాయని, తల కదిలినప్పుడల్లా అవి కదిలి మెదడుకి తప్పుడు కబురు పంపుతున్నాయని చెప్పారు. పేరు బీపీపీవీ, అంటే పొజిషనల్ వర్టిగో.

వెంటనే ఎప్లీ అనే పద్ధతి చేశారు. తలని ఒక్కో భంగిమలో అర నిమిషం పైగా ఉంచుతూ, మెల్లగా ఎడమకి తిప్పి, చివరికి పక్కకి దొర్లించి లేపి కూర్చోబెట్టారు. మధ్యలో మళ్లీ తిరిగింది, వాంతి వస్తుందేమో అనిపించింది, ఓర్చుకున్నాను. ఏ చెవో తేలకుండా వీడియో చూసి ఇంట్లో చేసుకుంటే ఫలితం ఉండకపోవచ్చట, మెడనొప్పి ఉన్నవాళ్లు ముందే చెప్పాలట. మాత్రలు వికారానికి రెండు మూడు రోజులే ఇచ్చారు, కణాల్ని అవి కదిలించలేవు కదా.

గిర్రున తిరగడం మర్నాటికి పోయింది కానీ, దూదిమీద నడుస్తున్నట్టు వారం రోజులు ఉంది. ఆ వారం బండి తీయలేదు, స్టూలు ఎక్కలేదు, తల వంచి కింద వస్తువు తీయాలంటే మోకాళ్ల మీద కూర్చుని తీశాను. రాత్రి చిన్న లైటు వేసి, మంచం నుంచి బాత్రూమ్ దాకా ఉన్న చెప్పులు, పట్టా అన్నీ తీసేశాం. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, చేతిమీద ఆని లేచి, కాళ్లు కిందపెట్టి ఒక నిమిషం అలాగే కూర్చునేవాణ్ని. మధ్యలో తిరిగినట్టుంటే ఎక్కడున్నవాణ్ని అక్కడే కింద కూర్చోవడం, సిగ్గుపడకుండా.

వారానికి మళ్లీ చూపించుకుంటే అదే పరీక్ష చేశారు, ఈసారి కళ్లు కదల్లేదు. ఇది మళ్లీ రావచ్చని, వస్తే ఏ వైపు తిరిగితే వచ్చిందో గుర్తుపెట్టుకుని రమ్మన్నారు. బీరువా మాత్రం ఆ మూల నుంచి జరిపించేశాను.