ఈథర్ మీద గ్రిడ్ బాట్: పెట్టే ముందు వేసిన లెక్క, రేంజ్ దాటిన రాత్రి (నా అనుభవం)

2025 జనవరి మధ్యలో ఈథర్ అనే క్రిప్టో నాణెం ధర ఒక పట్టీలో చిక్కుకుని కిందికీ పైకీ ఊగుతోంది. రూపాయల్లో చూస్తే మన ఎక్స్‌చేంజ్‌లలో సుమారు 2,65,000 నుంచి 3,10,000 మధ్య. ఇలాంటి మార్కెట్‌లో గ్రిడ్ బాట్ బాగా పనిచేస్తుందని అప్పటికే చాలాకాలంగా చదువుతున్నాను. నల్లగొండలో మాకు ఎలక్ట్రికల్ షాపు ఉంది, పగలంతా స్క్రీన్ ముందు కూర్చోవడం కుదరదు. మనం చూడకపోయినా ఆర్డర్లు నడుస్తాయన్నదే నన్ను లాగింది.

బాట్ చేసే పని ఇంతే. మనం ఒక కింది ధర, ఒక పై ధర ఇచ్చి, మధ్యలో ఎన్ని మెట్లో చెబుతాం. ఇప్పటి ధరకు కింద ఉన్న మెట్లన్నిటి మీదా కొనుగోలు ఆర్డర్లు, పైనున్న మెట్ల మీద అమ్మకం ఆర్డర్లు పెడుతుంది. ఒక మెట్టు దగ్గర కొన్న వెంటనే దాని పై మెట్టు దగ్గర అమ్మకం పెడుతుంది, అక్కడ అమ్ముడుపోగానే మళ్లీ కింద కొనుగోలు పెడుతుంది. ధర ఎటు పోతుందో అది అంచనా వేయదు. ఊగినంతసేపు ఒక్కో మెట్టు తేడాను జేబులో వేసుకుంటుంది.

నేను వేసిన గ్రిడ్ 2,60,000 నుంచి 3,20,000 వరకు, మెట్టుకు 6,000 చొప్పున పది మెట్లు. ధర 2,90,000 ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఒక్కో ఆర్డర్ 0.04 ఈథర్. పైన ఐదు అమ్మకాలకు సరుకు కావాలి కాబట్టి మొదట్లోనే 0.2 ఈథర్ 58,000కు కొన్నాను. కింద ఐదు కొనుగోళ్లకు 54,400 పక్కన ఉంచాలి. మొత్తం 1,12,400, ఫీజుల కోసం ఇంకొంచెం. బాట్‌ను నా ఖాతాకు కలిపే ఎక్స్‌చేంజ్ ఏపీఐ కీ ఇచ్చేటప్పుడు ట్రేడింగ్ అనుమతి మాత్రమే ఇచ్చి, డబ్బు బయటికి తీసే అనుమతి ఆపేశాను. కీ ఎవరి చేతికి చిక్కినా నాణేలు బయటికి పోకుండా ఇదొక్క టిక్ కాపాడుతుంది.

మెట్టు 6,000 ఎందుకు, 3,000 ఎందుకు కాదు? నా సమయంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న దగ్గరే గడిచింది. విదేశీ వీడియోల్లో మెట్లు ఎంత దగ్గరగా ఉంటే అన్ని ఎక్కువ ట్రేడ్‌లు, అంత ఎక్కువ లాభం అని చెబుతారు. మన దేశంలో ఆ లెక్క తిరగబడుతుంది.

ఒక కొనుగోలు, దాని తిరుగు అమ్మకం కలిపితే ఒక సైకిల్. 6,000 మెట్టుతో ఒకటి తీసుకుందాం. 2,84,000 దగ్గర 0.04 కొని 2,90,000 దగ్గర అమ్మితే మొత్తం లాభం 240 రూపాయలు. నా ఎక్స్‌చేంజ్ ఫీజు ఒక్కో వైపు 0.2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండు వైపులా కలిపి సుమారు 54 పోతుంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, అంటే 240కి 75. చివరికి నాకు మిగిలేది 111.

ఇక టీడీఎస్. 2022 జులై 1 నుంచి ప్రతి అమ్మకం మీద 1 శాతం కోస్తారు. ఇది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. 11,600కు అమ్మితే 116. నేను కట్టాల్సిన పన్ను 75 అయితే ముందే కోసేది 116. ఎక్కువ కోసింది రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు బాట్ చేతిలో ఉండదు. లాభం అమ్మకపు ధరలో సుమారు 3.2 శాతం దాటితేనే కోసిన టీడీఎస్ కట్టాల్సిన పన్నుకు లోపల ఉంటుంది. మామూలుగా గ్రిడ్‌లో మెట్టు అంత వెడల్పు పెట్టరు.

అదే 3,000 మెట్టు అయితే? లాభం 120. ఫీజు 54, టీడీఎస్ 116 పోతే చేతిలో డబ్బు సైకిల్‌కు 50 రూపాయలు తగ్గుతుంది. స్క్రీన్ మీద మాత్రం గ్రిడ్ ప్రాఫిట్ ఆకుపచ్చగా పెరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు కొనుగోలు ఆర్డర్ పెట్టడానికి డబ్బు చాలక `Insufficient balance` అని ఆర్డర్ తిరస్కరిస్తుంది. లాభాల్లో ఉన్న బాట్‌కు బ్యాలెన్స్ చాలడం లేదంటే సాఫ్ట్‌వేర్ పాడైందని చాలామంది అనుకుంటారు, కారణం ఈ 1 శాతమే. ఈథర్‌ను రూపాయల్లో కాకుండా, డాలర్ విలువకు కట్టిన యూఎస్‌డీటీ అనే క్రిప్టోతో ట్రేడ్ చేస్తే ఇంకా కష్టం. అక్కడ కొనడం కూడా ఒక క్రిప్టోను ఇచ్చి ఇంకోటి తీసుకోవడమే కాబట్టి రెండు వైపులా టీడీఎస్ పడుతుంది. అందుకే రూపాయి జతనే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు ప్రమాదం. ధర పైకి దాటిపోతే నష్టం ఉండదు, కానీ సరుకంతా అమ్ముడుపోయి మనం డబ్బుతో ఒడ్డున నిలబడతాం. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా బావకు 2024లో అదే జరిగింది. ఆయన గ్రిడ్ 2,200 నుంచి 2,800 డాలర్లు. నవంబర్‌లో అమెరికా ఎన్నికల ఫలితం రాగానే వారం తిరగకముందే ఈథర్ 3,000 దాటింది, బాట్ ఖాళీ అయి ఆగింది. ఆయన దానికి పెద్దగా బాధపడలేదు కూడా.

కిందికి దాటితే కథ వేరు. ధర పడేకొద్దీ కొంటూ పోయే బత్తాయి వ్యాపారి గోదాం ఎలా నిండుతుందో, కింది అంచుకు వచ్చేసరికి బాట్ చేతిలో డబ్బంతా సరుకైపోయి ఉంటుంది. నా లెక్కలో అది 0.4 ఈథర్, సగటు ధర 2,81,000. మధ్యలో ఎన్ని సైకిళ్లు తిరిగినా సరే, కింది అంచు దగ్గర చేతిలో ఉండేది ఆ 0.4 ఈథరే. అంచు దగ్గర కాగితం మీద నష్టం 8,400. ఇంకా పది వేలు కిందికి, 2,50,000కు వస్తే 12,400. సైకిల్‌కు 111 చొప్పున ఆ నష్టం పూడాలంటే నూటపన్నెండు సైకిళ్లు కావాలి. ధర అక్కడికి పడితే ఉన్న సరుకంతా అమ్మేసే స్టాప్ లాస్‌ను 2,50,000 దగ్గర పెట్టింది ఈ సంఖ్య చూశాకే. అంతకన్నా కింద పెడితే బాట్ పూడ్చాల్సిన గుంత ఇంకా లోతవుతుంది.

పెట్టే రోజు రోజువారీ చార్ట్ మీద ఏడీఎక్స్ చూశాను. అది 20 లోపు ఉంటే మార్కెట్‌కు గట్టి దిశ లేదని అర్థం. కానీ అది జరిగిపోయినదాన్ని చెప్పే సూచిక. రేపు ఒక ప్రకటన వస్తే దానికి తెలియదు.

రెండు వారాలకు పైగా బాగా నడిచింది. ముప్పైకి దగ్గరగా సైకిళ్లు తిరిగాయి, గ్రిడ్ లాభం ఏడు వేల దాకా చూపింది. ఫిబ్రవరి 1న అమెరికా కెనడా, మెక్సికో, చైనా సరుకుల మీద సుంకాలు ప్రకటించింది. ఆదివారం రాత్రికి ఈథర్ మెట్టు తర్వాత మెట్టు దిగింది. కొనుగోలు ఆర్డర్ల మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి ఫోన్‌లో మోగుతుంటే మధ్యలో ఒక్క అమ్మకం మెసేజ్ లేదు. రేంజ్ తెగిపోతోందని చెప్పే గుర్తు నాకు తెలిసి ఇదే. వరుసగా కొనుగోళ్లే, తిరుగు అమ్మకాలు లేవు.

బావ ఫోన్ చేశాడు. "స్టాప్ తీసెయ్యి, గ్రిడ్‌ను కిందికి జరుపు, రెండు లక్షల నుంచి పెట్టు" అన్నాడు.

"కిందికి జరపాలంటే కొనడానికి కొత్త డబ్బు పెట్టాలి బావా. ఉన్న డబ్బంతా సరుకైపోయింది" అన్నాను.

"మరి తిరిగొస్తే?"

"వస్తే రానీ. ఇంకో యాభై వేలు తెచ్చి దీంట్లో పొయ్యను."

తెల్లవారేలోపు స్టాప్ తగిలింది. 2,50,000 దగ్గర పెట్టినా పడే వేగానికి సగటున 2,46,000కు అమ్ముడైంది. స్టాప్ తగిలాక బాట్ మార్కెట్ ఆర్డర్ పెడుతుంది, ఆ క్షణంలో ఎదురుగా ఎవరు కొంటే ఆ ధర. ఆ నాలుగు వేల తేడా 0.4 ఈథర్ మీద 1,600 రూపాయలు. మొత్తం నష్టం 14,000. ధర ఇంకా చాలా లోతుకు పడి, అదే రోజు తిరిగి దాదాపు నా స్టాప్ దగ్గరికి వచ్చింది. ఆ సోమవారం షాపులో కూర్చుని ఆ చార్ట్ చూడటం కష్టంగా ఉండింది. తర్వాత నెలల్లో మళ్లీ దిగుతూ ఏప్రిల్‌లో 1,500 డాలర్ల కిందికి పోయింది. రూపాయల్లో లక్షా ముప్పై వేలు అనుకుంటే నా 0.4 ఈథర్ 52,000 అయ్యేది, నష్టం 60,000 దాటేది. నిజమే, అదే ఏడాది ఆగస్టులో ఈథర్ 4,900 డాలర్లు దాటి కొత్త గరిష్ఠం చేరింది. పట్టుకుని కూర్చున్నవాళ్లు గెలిచారు. కానీ ఏళ్లపాటు పట్టుకోవాలని కొనేవాడికి గ్రిడ్ అక్కరలేదు. నేను ఆ డబ్బు పెట్టింది ఊగిసలాట మీద.

పన్ను దగ్గర ఇంకో దెబ్బ ఉంది, అది ముందే తెలుసుకుని దిగాలి. క్లాక్ టవర్ దగ్గర మా ఆడిటర్ సార్‌కు ట్రేడ్ ఫైల్ ఇచ్చాను. రిటర్న్‌లో క్రిప్టోకు వేరే షెడ్యూల్ ఉంది, ఐటీఆర్-1లో అది ఉండదు. ప్రతి అమ్మకానికీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర ఒక్కో లైన్. "ముందు కొన్నది ముందు అమ్మినట్టు రాస్తా, నీ బాట్ చూపే లాభంతో లైన్ లైన్‌కూ కలవదు" అని ముందే చెప్పారు. లైన్లు మారినా స్వరూపం మారలేదు. లాభం వచ్చిన లైన్లకు పన్ను పడింది. నష్టం వచ్చిన లైన్లను వాటితో సర్దడానికి చట్టం ఒప్పుకోదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. మొత్తం మీద ఫీజులు కాకుండానే ఏడు వేల చిల్లర నష్టపోయిన ఖాతా మీద, బాట్ లెక్క ప్రకారం ఏడు వేల లాభానికి సుమారు 2,200 పన్ను.

గ్రిడ్ స్వభావం చిన్న లాభాలు చాలా, పెద్ద నష్టం ఒక్కటి. మన పన్ను విధానం సరిగ్గా ఆ రెంటినీ వేరు చేసి చూస్తుంది. అందుకే ఇప్పుడు ఎవరైనా బాట్ పెడతానంటే నేను అడిగేది రేంజ్ గురించి కాదు. స్టాప్ దగ్గర నష్టం ఎంత, దాన్ని పన్ను పోగా మిగిలే సైకిల్ లాభంతో భాగిస్తే ఎన్ని సైకిళ్లు వస్తాయి అని అడుగుతాను. నెలకు నలభై సైకిళ్లు కూడా తిరగని జతలో ఆ సంఖ్య రెండు వందలు వస్తే పెట్టొద్దంటాను. ఫ్యూచర్స్‌లో అప్పుతో నడిపే గ్రిడ్ గురించి అడిగితే అసలే వద్దంటాను, అక్కడ స్టాప్ కన్నా ముందే ఎక్స్‌చేంజ్ పొజిషన్ మూసేయవచ్చు.

కోసిన టీడీఎస్ మొత్తం ఫారం 26ఏఎస్‌లో కనిపించింది, నాలుగు వేల పైచిలుకు. పన్ను పోగా మిగిలింది రీఫండ్‌గా బ్యాంకు ఖాతాలో పడింది. బాట్‌ను మళ్లీ ఆన్ చేయలేదు. పది మెట్ల బదులు ఆరు మెట్లతో, మూడున్నర శాతం తేడాతో ఒక లెక్క వేసి పెట్టుకున్నాను. దానికి సరిపడే వెడల్పు రేంజ్ దొరికితే మొదలుపెడతాను.