మగ్గం పని ఆర్డర్లకు పిన్ మెసేజ్ రాయడం: నా అనుభవం

మొత్తానికి రాసి పిన్ చేశాను. కడపలో ఇంటి దగ్గరే మగ్గం పని జాకెట్లు చేయించి వాట్సాప్ గ్రూపులో అమ్మేవాళ్లకు ఇదెంత పనో తెలుస్తుంది. "అక్కా ఎంత?", "ఎన్ని రోజులు?", "సీఓడీ ఉందా?" అని ఒకటే అడగడం. వీటికి ఒకేచోట జవాబు రాసిపెడదామని కూర్చుంటే, మిగతా రెండూ చకచకా అయిపోయాయి, "ఎన్ని రోజులు?" మాత్రం ప్రాణం తీసింది.

ఏం రాయాలన్నది పాత చాట్లే చెప్తాయి. వాట్సాప్ సెర్చిలో "ఎంత", "రోజులు", "కొరియర్" అని వెతికితే జనం ఏ మాటల్లో అడుగుతారో తెలుస్తుంది. ఆ మాటల్నే ప్రశ్నలుగా పెట్టాలి. తెలిసినవాళ్లు ఒకరు పెద్ద సైటు నుంచి తెచ్చిన నమూనా ఇచ్చారు, అందులో "7 రోజుల్లో వాపసు" అని ఉంది. ఒకరి ఒంటికి కొలిచి కుట్టిన జాకెట్టును వాపసు తీసుకుని ఎవరికి తొడిగేది? అట్లాంటివాటిని చూడనైనా చూడకండి.

పంపడం గురించి నాలుగు వాక్యాలు చాలు. ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్ కోడ్, ఫోన్ నంబరు అన్నీ ఒకే మెసేజ్‌లో అడగాలి. పల్లెలకైతే స్పీడ్ పోస్టే అని తెగేసి రాశాను. కొరియర్ వాళ్లు మండల కేంద్రం దాటరు, "వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్ చేస్తారు, తిట్లు మనకు. మా వీధి చివరి కొరియర్ ఆఫీసు సంగతి చెప్పుకుంటే ఈ పేజీ చాలదు. స్పీడ్ పోస్టు నంబరులో ముందు రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర IN ఉంటాయని కూడా రాయండి. లేకపోతే రసీదులో ఏది కనబడితే అది కొట్టి "ట్రాక్ కావట్లేదక్కా" అంటారు.

డబ్బుల జవాబులో ముఖ్యమైనది పేరు. యూపీఐలో కట్టేటప్పుడు తెర మీద బ్యాంకు ఖాతాదారు పేరు కనిపిస్తుంది, గ్రూపు పేరు కాదు. ఆ పేరేదో ముందే రాస్తే "ఇంకెవరిదో వస్తోంది" అన్న భయం ఉండదు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, 12 అంకెల యూటీఆర్ నంబరు కూడా పంపమని రాశాను. స్క్రీన్‌షాట్లు తయారు చేసేవాళ్లున్నారు కాబట్టి, ఆ నంబరును నా ఖాతాలో చూసుకున్నాకే పని మొదలు. ఆర్డరు మీద కుట్టేవాటికి సీఓడీ లేదు. పార్శిలు వద్దంటే రానూపోనూ ఖర్చు నాది, ఆ కొలత ఇంకొకరికి సరిపోదు.

ఇక నన్ను ఏడిపించింది "ఎన్ని రోజులు?" అనేది. "15 రోజులు" అని రాస్తే ఏ రోజు నుంచి 15? అడిగేవాళ్లు మెసేజ్ పెట్టిన రోజు నుంచి లెక్కేస్తారు. కొందరు అడ్వాన్సు కట్టిన రోజు నుంచి. బట్ట మాత్రం వారం తర్వాత వస్తుంది, ఆది జాకెట్టు ఇంకా ఆలస్యం, డిజైన్ మీద ఇంట్లో ముగ్గురికి మూడు మాటలు. మగ్గానికి బట్ట ఎక్కకముందే గడువు ముగిసిపోతుంది. "ఆలస్యం కావచ్చు" అని చేర్చి చూశాను, అది చూస్తే ఎవరూ ఆర్డరే ఇవ్వరు.

చివరికి దారి పనిలోనే దొరికింది. మగ్గం పనిలో వెనక్కి తిరగలేని చోటు ఒకటుంది, అది ట్రేసింగు. డిజైన్ గీసిన కాగితానికి సూదితో సన్నటి చిల్లులు పెట్టి, బట్ట మీద పరిచి రంగు రుద్దితే గీతలు దిగుతాయి. మెడ ఎంత లోతు, చేయి ఎంత పొడవు అన్నది అక్కడ తేలిపోతుంది, ఎందుకంటే కుట్టకముందే, మెడ గీత వెంబడే పని నడుస్తుంది. తర్వాత "వీపు మెడ 9 అంగుళాలు వద్దు, 10 పెట్టు" అంటే కత్తెర పడేది జర్దోసీ మీద. 7 చాలంటే మెడకూ పనికీ మధ్య రెండంగుళాల ఉత్త బట్ట మిగులుతుంది. చుట్టుకొలత అట్లా కాదు. పక్కల ఒక్కో అంగుళం మార్జిన్ వదులుతాం, దాన్ని తర్వాత వదులు చేసుకోవచ్చు.

అందుకే ట్రేసింగ్ ఫోటోకు వాళ్లు చెప్పే "సరే"నే గీతగా పెట్టాను. రోజులు, డబ్బు వాపసు, మార్పులు మూడూ దాని నుంచే. పిన్ చేసిన మాటలు ఇవి:

"*ఎన్ని రోజులు?* బట్ట, ఆది జాకెట్టు, సగం అడ్వాన్సు మూడూ చేరాక ట్రేసింగ్ ఫోటో పంపుతాం. మీరు సరే అన్న రోజు నుంచి పనికి 12 రోజులు, కుట్టడానికి 3 రోజులు, పోస్టుకు 4 రోజులు. *మార్చుకోవచ్చా?* సరే అనకముందు ఏదైనా మార్చుకోవచ్చు, వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం వాపసు. సరే అన్నాక మెడ, చేతులు, డిజైన్ మారవు, అడ్వాన్సు వాపసు లేదు. నడుము, ఛాతీ వదులు చేయవచ్చు."

ఆ 12 రోజులు ఆదివారాలతో కలిపి. దీని కింద ఒక లెక్క కూడా చేసి చూపించాను, లేకపోతే ఎవరూ కూడుకోరు. పెళ్లి నవంబరు 20 అనుకోండి. బిగుతో వదులో సరిచేసుకోవడానికి వారం ఉంచుకుంటే, జాకెట్టు 13కు చేతికి రావాలి. అంటే 9న పోస్టు చేయాలి, 6న కుట్టడానికి ఇవ్వాలి, అక్టోబరు 25న ట్రేసింగుకు సరే అనాలి. బట్ట రావడానికీ డిజైన్ తేల్చుకోవడానికీ ఇంకో వారం వేసుకుంటే, అక్టోబరు 18కి పంపేయాలి. ఈ లెక్క చూసిన నంద్యాల ఆవిడ ఒకరు బేరం కూడా ఆడకుండా మర్నాడే బట్ట పోస్టు చేసింది. నా రాతకు ఆ మాత్రం గర్వపడతాను.

బట్ట గురించి ఒక మాట చేర్చాలి: చీర పంపొద్దు, జాకెట్టు ముక్కను కత్తిరించి అదొక్కటే పంపండి. దారం రంగు కోసం చీర ఫోటోను ఎండలో, నీడలో రెండుసార్లు తీయమనండి, ట్యూబులైటు కింద మెరూన్ ఎర్రగా కనబడుతుంది. ఆది జాకెట్టు కూడా బాగా కుదిరిందే పంపమని నొక్కి చెప్పాలి. చాలామంది పాతబడిన, నాలుగుసార్లు విప్పి కుట్టినదాన్ని పంపుతారు.

"ఎంత?"కు ఒకే ధర రాయొద్దు. చేతుల అంచు మాత్రమే, చేతులు మెడ, ఒళ్లంతా బుటాలు అని మూడు ఫోటోలు పెట్టి, ఒక్కోదాని కింద మొదలయ్యే ధర రాస్తే ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు.

గ్రూపులో పిన్ 30 రోజులకు మించి ఉండదు, మళ్లీ పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు పాత పిన్ కనబడకపోవచ్చు కాబట్టి, రోజుల జవాబును గ్రూపు డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టాను. విడిగా అడిగేవాళ్ల కోసం బిజినెస్ యాప్‌లోని క్విక్ రిప్లైలో `/rojulu` అని దాచుకున్నాను, అది కొడితే మొత్తం వస్తుంది.

అర్జెంటు ఛార్జీ మాత్రం కావాలనే రాయలేదు. రాస్తే అందరూ అర్జెంటే. మగ్గం ఖాళీ ఉంటే విడిగా మాట్లాడుకుంటాం, శ్రావణంలో అయితే అదీ లేదు.